యూట్యూబ్‌లో పెట్టిన కొత్త వీడియో మొదట మసకగా ఎందుకుంటుంది, ఎప్పటికి క్లియర్ అవుతుంది?

ప్రశ్న: "గంట క్రితం మా చెల్లి పెళ్లి వీడియో యూట్యూబ్‌లో పెట్టాను. ల్యాప్‌టాప్‌లో చూస్తే అద్దంలా ఉంది, యూట్యూబ్‌లో మాత్రం ముఖాలు కూడా గుర్తుపట్టలేనంత మసక. క్వాలిటీలో 360p ఒక్కటే చూపిస్తోంది. బంధువులందరికీ లింకు పంపేశాను, టెన్షన్‌గా ఉంది. డిలీట్ చేసి మళ్లీ పెట్టాలా? ఎప్పటికి క్లియర్ అవుతుంది?"

డిలీట్ చేయకండి. మీ ఫైలుకు ఏమీ కాలేదు, యూట్యూబ్ పని ఇంకా పూర్తి కాలేదు, అంతే. పది ఇరవై నిమిషాల 1080p వీడియో అయితే మామూలుగా అప్‌లోడ్ ముగిసిన గంటలోపే HD వచ్చేస్తుంది. 4K అయితే కొన్ని గంటలు పడుతుంది. మీది ముహూర్తం నుంచి అప్పగింతల దాకా ఉన్న రెండు మూడు గంటల వీడియో అయితే రాత్రి పెట్టి పొద్దున్నే చూసుకోవడం మేలు. ఒక రోజు గడిచినా 360p దాటలేదంటే, అప్పుడు అనుమానించాల్సింది యూట్యూబ్‌ని కాదు, ఫైలుని.

నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను, కొన్ని ఛానెళ్లకు అప్‌లోడ్ పని కూడా చూస్తుంటాను. ముహూర్తాల సీజన్ వచ్చిందంటే "వీడియో పాడైపోయింది" అంటూ ఇదే ఫోన్ వస్తుంటుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. మీరు ఎక్కించిన ఫైలును యూట్యూబ్ ఉన్నదున్నట్టుగా ఎవరికీ చూపించదు. దాన్ని తన దగ్గర పెట్టుకుని, దాని నుంచి వేరువేరు సైజుల్లో కొత్త ఫైళ్లు తయారుచేస్తుంది: 144p, 240p, 360p, 480p, 720p, 1080p, మీ ఒరిజినల్ అంత పెద్దదైతే 1440p, 2160p కూడా. దీన్నే ట్రాన్స్‌కోడింగ్ అంటారు. చూసేవాళ్లకు వెళ్లేవి ఈ కొత్త ఫైళ్లే. వీటిలో చిన్నవి ముందు తయారవుతాయి, పెద్దవి తర్వాత. వీడియోను ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా చూసేలా చెయ్యాలని యూట్యూబ్ ముందు తక్కువ క్వాలిటీ కాపీ తీస్తుంది. మీకు ఇప్పుడు కనిపిస్తున్నది ఆ మొదటి కాపీ.

చిన్నదానికీ పెద్దదానికీ పనిలో ఎంత తేడా ఉంటుందో లెక్క వేస్తే తెలుస్తుంది. 360p ఫ్రేము అంటే 640 × 360, అంటే 2,30,400 పిక్సెల్స్. 1080p ఫ్రేములో దానికి 9 రెట్లు ఉంటాయి. 4K అంటే 3840 × 2160, దానికి 36 రెట్లు. 30 ఎఫ్‌పీఎస్ వీడియోలో సెకనుకు 30 ఫ్రేములకు, 60 ఎఫ్‌పీఎస్ అయితే 60 ఫ్రేములకు ఈ పనంతా చెయ్యాలి.

మీ కంటికి కనిపించే మసక వెనక ఉన్నది కూడా ఈ 36 రెట్లే. 4Kలో తీసిన షాట్‌లో పెళ్లికూతురి ముఖం వెడల్పు 300 పిక్సెల్స్ ఉందనుకోండి, 360pలో వెడల్పు ఆరో వంతే కాబట్టి అది 50 పిక్సెల్స్‌కి కుదించుకుపోతుంది. 50 పిక్సెల్స్‌లో కళ్లు, ముక్కుపుడక, బాసికం అన్నీ ఇరుక్కోవాలి. పట్టుచీర జరీ అంచులో గళ్లూ మామిడిపిందెలూ విడివిడిగా కనిపించవు, అంచంతా ఒక పసుపు పట్టీలా అలుక్కుపోతుంది. ఫుల్ స్క్రీన్ పెడితే ఇంకా ఘోరం, ఎందుకంటే ఆ చిన్న బొమ్మనే సాగదీసి చూపిస్తున్నారు.

చాలామంది వీడియో మెల్లమెల్లగా తేటపడుతుందనుకుంటారు. అలా జరగదు, మెట్లు మెట్లుగా మారుతుంది. యూట్యూబ్ మీ ఫైలును చిన్న చిన్న ముక్కలు చేసి, వాటిని చాలా యంత్రాలకు పంచి, ఒకేసారి ఎన్‌కోడ్ చేయిస్తుంది. ఒక సైజుకు సంబంధించిన ముక్కలన్నీ తయారై ఒకచోట చేరాకే ఆ సైజు పేరు క్వాలిటీ లిస్టులోకి ఎక్కుతుంది. అప్పటిదాకా 720p సగం అయినా, ముప్పాతిక అయినా మీకు కనిపించేది 360pనే. లింకు మాత్రం మారదు. అదే లింకు కింద కొత్త సైజులు ఒక్కొక్కటే వచ్చి చేరుతుంటాయి. మీరు బంధువులకు పంపిన లింకు వృథా కాలేదన్నమాట.

ఇక్కడే ఇంకో చిన్న చిక్కుంది. పేజీ తెరిచిన క్షణంలో ఏయే సైజులు ఉన్నాయో ప్లేయర్ అప్పుడే అడిగి తెచ్చుకుంటుంది. మీరు ఆ పేజీని అలాగే తెరిచి ఉంచి గంటసేపు ఎదురుచూస్తే, ఆలోపు HD వచ్చేసినా పాత లిస్టే కనిపిస్తూ ఉంటుంది. పేజీ రిఫ్రెష్ చేసి, లేదా యాప్ మూసి మళ్లీ తెరిచి చూడండి. నాకు వచ్చే ఫోన్లలో కొన్ని ఇక్కడితోనే అయిపోతాయి.

ఎంతసేపు పడుతుందో అంచనా కట్టడానికి యూట్యూబ్ తన సహాయ పేజీల్లో ఇచ్చిన కొలత ఒకటుంది. 30 ఎఫ్‌పీఎస్‌లో ఉన్న 60 నిమిషాల 4K వీడియోకు పెద్ద రిజల్యూషన్ పని ముగియడానికి 4 గంటల దాకా పట్టొచ్చని, 60 ఎఫ్‌పీఎస్ అయితే ఇంకా ఎక్కువని అందులో ఉంటుంది. నేను కస్టమర్లకు చెప్పే టైము దీన్ని బట్టే లెక్కేస్తాను.

ఉదాహరణకు ఒక పెళ్లి హైలైట్స్ వీడియో తీసుకుందాం. నిడివి 22 నిమిషాలు, 4K, 30 ఎఫ్‌పీఎస్, ఎక్స్‌పోర్ట్ బిట్‌రేట్, అంటే సెకను వీడియోకు వాడే డేటా, 45 ఎంబీపీఎస్. ఫైలు సైజు దాదాపు 7.4 జీబీ అవుతుంది. ఇంటి ఫైబర్ కనెక్షన్‌లో అప్‌లోడ్ వేగం నిజంగా 40 ఎంబీపీఎస్ వస్తే, ఎక్కడానికే 25 నిమిషాలు పడుతుంది. సాయంత్రం 6 గంటలకు మొదలుపెడితే 6:25కి అప్‌లోడ్ పూర్తవుతుంది. కాసేపటికే 360p వస్తుంది, సరిగ్గా ఈ దశలోనే జనం లింకు షేర్ చేసి కంగారు పడతారు. 720p, 1080p ఆ తర్వాత అరగంటకో గంటకో వస్తాయి. 4K విషయానికొస్తే, పై కొలత ప్రకారం 22 నిమిషాలకు గంటన్నర, అంటే రాత్రి 8 గంటల ప్రాంతంలో వస్తుంది. ఇది అంచనాయే, గ్యారంటీ కాదు. ఒక్కోసారి ముందే వచ్చేస్తుంది, ఒక్కోసారి రాత్రి భోజనాలయ్యాక కూడా రాదు. కాబట్టి కస్టమర్‌కి "6:30కి లింకు పంపుతాను" అని నేనెప్పుడూ చెప్పను, "రేపు పొద్దున పంపుతాను" అనే చెబుతాను.

పని ఎంతవరకు వచ్చిందో చూడటానికి రెండు చోట్లున్నాయి. కంప్యూటర్‌లో YouTube Studio నుంచి ఎక్కిస్తే అప్‌లోడ్ బాక్సు అడుగున SD, HD, 4K అనే చిన్న గుర్తులు కనిపిస్తాయి, వాటిని బట్టి ఏది పూర్తయిందో తెలుస్తుంది. కానీ నేను ఎక్కువగా నమ్మేది వీడియో కింద గేర్ గుర్తు నొక్కితే వచ్చే Quality లిస్టునే. అందులో అన్నిటికన్నా పైన ఏముందో చూడండి. మీ ఒరిజినల్ 1080p అయి లిస్టు 360p దగ్గరే ఆగితే, వేచి ఉండండి. లిస్టులో 1080p వచ్చేసినా బొమ్మ మసకగానే ఉంటే, ఎదురుచూసి లాభం లేదు, కారణం వేరే ఉంది. కొన్ని ఫోన్లలో 1440p, 2160p అసలు చూపించవు కాబట్టి 4K వచ్చిందో లేదో కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి చూడండి.

ఆ వేరే కారణాల్లో మామూలుగా కనిపించేది ప్లేయర్ తనంతట తాను తక్కువ సైజు ఎంచుకోవడం. Quality దగ్గర Auto ఉంటే నెట్ వేగాన్ని బట్టి, ప్లేయర్ విండో సైజును బట్టి అది సైజు మారుస్తూ ఉంటుంది. అందుకే పాత వీడియోలు కూడా మొదటి కొన్ని సెకన్లు మసకగా మొదలై తర్వాత తేటపడతాయి. ఊళ్లో పెదనాన్నగారు "ఇంకా మసకగానే ఉందిరా" అంటే చాలావరకు ఇదే అయ్యుంటుంది. ఫోన్‌లో Quality లోకి వెళ్లి Higher picture quality పెట్టమనండి, లేదా Advanced లోకి వెళ్లి 1080p ఎంచుకోమనండి.

కచ్చితంగా ఏ ఫైలు ప్లే అవుతోందో చూడాలంటే కంప్యూటర్‌లో వీడియో మీద రైట్ క్లిక్ చేసి Stats for nerds నొక్కండి. అక్కడ ఇలాంటి లైన్లు కనిపిస్తాయి:

```
Current / Optimal Res   640x360@30 / 640x360@30
Codecs                  avc1.4d401e (134) / opus (251)
```

మొదటి లైనులో ముందున్నది ఇప్పుడు మీరు చూస్తున్న సైజు. రెండో లైను కోడెక్, అంటే వీడియోను కుదించే పద్ధతి గురించి. అసలు సంగతి ఈ రెండో లైనులోనే ఉంది, చాలామంది దీన్ని పట్టించుకోరు.

1080p వచ్చాక కూడా కొన్ని వీడియోలు పిండిపిండిగా కనిపిస్తాయి, ముఖ్యంగా తలంబ్రాల షాట్లలో. స్టేజీ మీద ఇద్దరూ కదలకుండా కూర్చున్నంతసేపూ బాగానే ఉంటుంది. దోసిళ్ల కొద్దీ తలంబ్రాలు పోసుకోవడం మొదలవగానే ముఖాలతో సహా ఫ్రేమంతా గళ్లుగళ్లుగా అయిపోతుంది, ఆ సందడి ఆగగానే మళ్లీ తేరుకుంటుంది. ఇది రిజల్యూషన్ సమస్య కాదు. వీడియోను కుదించేటప్పుడు కోడెక్ ముందు ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ ఉన్న తేడాలనే రాసుకుంటుంది. వందల బియ్యపు గింజలు తలా ఒక దిక్కున పడుతుంటే తేడా కానిదంటూ ఏదీ ఉండదు. రాసుకోవాల్సింది ఒక్కసారిగా పెరుగుతుంది, సెకనుకు ఇన్ని బిట్లే వాడాలన్న పరిమితి మాత్రం పెద్దగా పెరగదు. దాంతో వివరాలు వదిలేస్తుంది. రంగు కాగితాలు, పొగ మిషను, బాణసంచా, బతుకమ్మ ఆటలో గిర్రున తిరిగే చీరలు, వీటన్నిటిదీ ఇదే తంతు.

ఇక్కడ ఏ కోడెక్ వాడారన్నది తేడా చూపిస్తుంది. మొదట వచ్చే కాపీలు సాధారణంగా H.264వి, Stats for nerds లో `avc1` అని కనిపిస్తుంది. ఇది త్వరగా తయారవుతుంది, దాదాపు ప్రతి ఫోన్‌లోనూ ఆడుతుంది. VP9, అంటే `vp09` అని కనిపించేది, అంతే బిట్లలో ఎక్కువ వివరం పట్టి ఉంచుతుంది గానీ దాన్ని ఎన్‌కోడ్ చేయడానికి లెక్కలు చాలా ఎక్కువ. `av01` అని కనిపించే AV1కి ఇంకా ఎక్కువ. మామూలు ప్రాసెసర్లతో ఈ బరువు మోయడం కష్టమనే గూగుల్ దీనికోసం సొంత చిప్‌లు తయారుచేసుకుని, 2021లో వాటి వివరాలు బయటపెట్టింది. పాత పద్ధతితో పోలిస్తే ఈ పనిలో సామర్థ్యం 20 నుంచి 33 రెట్లు పెరిగిందని అందులో రాశారు. అంత చేసినా అందరి 1080p వీడియోలకూ వెంటనే VP9 చేస్తారని అనుకోవద్దు. నేను చూసినంతవరకు, పెద్దగా వ్యూస్ లేని ఛానెల్‌లో పెట్టిన 1080p వీడియో చాలా రోజులు `avc1` మీదే ఉండిపోతుంది, వ్యూస్ బాగా వచ్చే ఛానెల్‌లో మాత్రం VP9 తొందరగా వస్తుంది. 1440p, 2160p సైజులకు మాత్రం H.264 కాపీ ఉండదు, VP9 గానీ AV1 గానీ ఉంటాయి.

కాబట్టి క్లియర్ కావడమన్నది రెండుసార్లు జరగొచ్చు. మొదటిది 360p నుంచి HDకి, ఇది తప్పకుండా వస్తుంది. రెండోది అదే 1080pలో `avc1` నుంచి `vp09`కి, ఇది రావచ్చు, రాకపోవచ్చు.

దీన్ని దృష్టిలో పెట్టుకునే నేను 1080pలో షూట్ చేసిన పెళ్లిని కూడా 1440pకి పెంచి ఎక్స్‌పోర్ట్ చేస్తాను. లేని వివరం కొత్తగా పుట్టదు, కెమెరా పట్టనిది ఏ ఎక్స్‌పోర్టూ ఇవ్వలేదు. కానీ యూట్యూబ్ దాన్ని 1440p వీడియోగా చూస్తుంది కాబట్టి మెరుగైన కోడెక్, ఎక్కువ బిట్లు దొరుకుతాయి, తలంబ్రాల దగ్గర గళ్లు బాగా తగ్గుతాయి. దీనివల్ల ఫైలు పెద్దదవుతుంది, ప్రాసెసింగ్‌కి ఇంకొంచెం ఎక్కువ సేపు ఆగాలి. నా లెక్కలో పెళ్లి వీడియోకి ఆ మాత్రం ఓపిక పట్టొచ్చు. ఇంటర్వ్యూలు, పాఠాలు లాంటి కదలిక లేని వీడియోలకు ఇదంతా అనవసరం.

ఎక్స్‌పోర్ట్ బిట్‌రేట్ కూడా మరీ పిసినారిగా పెట్టకండి. 30 ఎఫ్‌పీఎస్‌కి యూట్యూబ్ సూచించేది 1080pకి 8 ఎంబీపీఎస్, 1440pకి 16, 4Kకి 35 నుంచి 45. మీరు ఇచ్చిన ఫైలునే అది మళ్లీ కుదిస్తుంది కాబట్టి, మీ దగ్గరే గళ్లు పడిన ఫైలు అక్కడ ఇంకా చెడుతుంది.

ఇప్పుడు అసలు అనుమానించాల్సిన సందర్భం. ఒక రోజు గడిచింది, రిఫ్రెష్ చేశారు, కంప్యూటర్‌లో చూశారు, అయినా లిస్టులో 360p గానీ 480p గానీ దాటలేదు. అప్పుడు నేను మొదట అడిగేది ఫైలు మీ చేతికి ఎలా వచ్చిందని. వీడియోగ్రాఫర్ పంపింది వాట్సాప్‌లో మామూలు వీడియోగా వస్తే అది దారిలోనే 480p చుట్టుపక్కలకు కుదించుకుపోయి ఉంటుంది, HD ఆప్షన్‌తో పంపితే 720p దాకా ఉంటుంది. యూట్యూబ్ ఒరిజినల్ కన్నా పెద్ద సైజు తయారుచేయదు, కాబట్టి అక్కడ వారం రోజులు ఎదురుచూసినా 1080p రాదు. ఫోన్ స్క్రీన్ మీద 480p కూడా బాగానే కనిపిస్తుంది, అందుకే ఈ సంగతి ఎవరికీ వెంటనే తట్టదు. మీరు ల్యాప్‌టాప్‌లో అద్దంలా ఉందన్నారు కాబట్టి మీది ఈ బాపతు కాకపోవచ్చు, అయినా ఒకసారి చూసుకోండి. విండోస్‌లో ఫైలు మీద రైట్ క్లిక్ చేసి Properties లో Details తెరిస్తే Frame width, Frame height ఉంటాయి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఉన్నవాళ్లకు ఇది చాలు:

```
ffprobe -v error -select_streams v:0 -show_entries stream=width,height -of csv=p=0 pelli.mp4
```

1920,1080 అని వస్తే ఫైలు బాగానే ఉన్నట్టు. 848,480 లాంటిది వస్తే వీడియోగ్రాఫర్‌ని అడిగి ఒరిజినల్‌ను పెన్‌డ్రైవ్‌లోనో, డ్రైవ్ లింకుగానో తీసుకోండి. వాట్సాప్‌లోనే కావాలంటే డాక్యుమెంట్‌గా పంపమనండి, అప్పుడు ఫైలు కుదించుకుపోదు. అన్నట్టు, గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించిన వీడియోను అక్కడే ప్లే చేసినా మొదట్లో ఇదే మసక కనిపిస్తుంది. చూసి భయపడకండి, డౌన్‌లోడ్ చేసుకుంటే ఒరిజినలే వస్తుంది.

ప్రాసెసింగ్ మధ్యలో కొందరు చేసే పొరపాట్లు రెండు చెప్పాలి. డిలీట్ చేసి మళ్లీ ఎక్కిస్తే మొత్తం పని మొదటి నుంచి మొదలవుతుంది, అప్పటిదాకా గడిచిన గంట పోయినట్టే, పైగా లింకు మారిపోతుంది. రెండోది, Studio లోని Editor లోకి వెళ్లి చివర నాలుగు సెకన్లు కత్తిరించడం లాంటివి. సేవ్ చేస్తే వీడియో మళ్లీ ప్రాసెసింగ్‌లోకి వెళ్తుంది. అలాంటివి ఎక్కించే ముందే మీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేసుకోండి.

ఇకమీదట వీడియో పెట్టేటప్పుడు Visibility దగ్గర ముందు Private గానీ Unlisted గానీ పెట్టండి. ప్రాసెసింగ్ Public వీడియోకి జరిగినట్టే జరుగుతుంది, తేడా ఏమీ ఉండదు. లిస్టులో మీకు కావాల్సిన సైజు కనిపించాక Public చేయండి, లేదా బంధువులకు లింకు పంపండి. ఛానెల్ నడిపేవాళ్లయితే Schedule పెట్టుకోవచ్చు, 4K వీడియోకి రాత్రి ఎక్కించి మర్నాటి పొద్దునకు టైము పెడితే సరిపోతుంది. సబ్‌స్క్రైబర్లకు నోటిఫికేషన్ వెళ్లేది వీడియో Public అయినప్పుడే కాబట్టి మొదట చూసేవాళ్లకే మసక వీడియో అంటగట్టకుండా ఉంటుంది.

మీ విషయానికి వస్తే, ఇప్పటికే లింకు వెళ్లిపోయింది కాబట్టి ఫ్యామిలీ గ్రూపులో "క్లారిటీ ఇంకా వస్తోంది, రేపు చూడండి" అని ఒక్క మెసేజ్ పెట్టేయండి. రేపు పొద్దున రిఫ్రెష్ చేసి చూడండి. ఒకవేళ ఫైలే చిన్నదని తేలితే, ఒరిజినల్ తెచ్చుకుని కొత్తగా ఎక్కించక తప్పదు, ఎందుకంటే యూట్యూబ్‌లో అదే లింకు కింద ఫైలును మార్చే వీల్లేదు. అప్పుడు కూడా పాతదాన్ని ముందే తీసేయకండి. కొత్తదాంట్లో 1080p కనిపించాక, దాని లింకు గ్రూపులో పెట్టి, ఆ తర్వాత పాతది డిలీట్ చేయండి.